పులిపిర్లు రాలిపోయే ‘చుక్కల మందు’ ఆన్‌లైన్‌లో కొనేముందు ఇది చదవండి

పులిపిర్లు, స్కిన్ ట్యాగులు, నల్ల బుడిపెలు ఏవైనా రాలిపోతాయంటూ చిన్న సీసాలో అమ్ముతున్న చుక్కల మందును కొనకండి. మా పెద్దమ్మ చెంప మీద అది వేసిన చోట ఇప్పుడు ఒక గుంట, దాని చుట్టూ నల్లటి మచ్చ మిగిలాయి.

ఆమెకు అరవై దాటాయి. రెండు చెంపల మీదా ఏళ్ల తరబడి ముదురు గోధుమరంగు బుడిపెలున్నాయి. నొప్పి లేదు, దురద లేదు. అమ్మకపు పేజీలోని ఫొటోల్లో అచ్చం తనలాంటి బుడిపె కనబడేసరికి సీసా తెప్పించుకుంది. కుడి చెంప మీద వేసిన రాత్రే మంట మొదలైంది. చర్మం తెల్లబడి, ఉబ్బి, చివరికి నల్లటి పెచ్చు కట్టింది. పెచ్చు కట్టడమే మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు అని సీసాతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. దాన్ని నమ్మి మళ్లీ వేసింది.

ఆ ఫొటోలను పెద్దవి చేసి చూస్తే, ఒకే మందు కింద మూడు వేర్వేరు సమస్యలు చూపించారని తెలుస్తుంది. మొదటిది స్కిన్ ట్యాగ్. సన్నటి కాడతో వేలాడే మెత్తటి చర్మం ఇది. మెడ, చంకలు, గజ్జల వంటి ఒరుసుకునే చోట్ల వస్తుంది. బరువు ఎక్కువున్నవారిలో, మధుమేహం ఉన్నవారిలో మరింత ఎక్కువ. రెండోది అసలైన పులిపిరి. వైరస్ వల్ల వస్తుంది, ఇతరులకు అంటుకుంటుంది. పైభాగం గరుకుగా ఉంటుంది, చర్మం మీది సహజమైన గీతలు దాని దగ్గరికి వచ్చి తెగిపోతాయి. లోపల కనిపించే నల్ల చుక్కలు రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. మూడోది సెబోరిక్ కెరటోసిస్, పెద్దమ్మకున్నది ఇదే. మైనపు ముద్దను చర్మానికి అంటించినట్టు పైపైనే ఉంటుంది. నడివయసు దాటాక ముఖం, ఛాతీ, వీపు మీద వస్తుంది. అంటుకోదు. మన చర్మపు రంగువారిలో చిన్న వయసు నుంచే చెంపల మీద పుట్టే సన్నటి నల్ల గింజలు కూడా ఈ కోవలోవే.

ఈ మూడూ సాధారణంగా ప్రాణహాని లేనివే. అయితే మూడింటికీ ఒకే మందు ఉండదు. చేతులు, పాదాల మీది పులిపిర్లకు మందుల దుకాణంలో దొరికే సాలిసిలిక్ ఆమ్లం పనిచేస్తుంది, అదీ వారాల తరబడి వాడితే. ముఖానికి వాడకూడదు. పెద్దమ్మ కొన్న సీసా మీద ‘మూలికలతో తయారైనది’ అన్న మాట తప్ప, అందులో ఏముందో, ఎంత గాఢతలో ఉందో లేదు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు కూడా లేవు. పుట్టుమచ్చలు, స్కిన్ ట్యాగులు తీయడానికి డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మందు ఏదీ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందలేదు.

చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు మాకు అసలు నష్టం అర్థమైంది. ఎడమ చెంప మీద మందు వేయని బుడిపెను ఆవిడ, చర్మాన్ని పెద్దదిగా చూపించే డెర్మోస్కోపుతో చూసి, హానిలేనిదని అప్పుడే చెప్పేశారు. కుడి చెంప దగ్గర ఆగిపోయారు. పైభాగమంతా కాలిపోవడంతో గుర్తుపట్టడానికి ఆనవాళ్లే మిగల్లేదు. దాంతో, మందు వేయకపోతే అవసరమే ఉండని బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చేయించాల్సి వచ్చింది. అదృష్టవశాత్తూ ఫలితంలో ప్రమాదమేమీ లేదు. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మనవారిలో తరచూ నల్లగానే ఉంటుందనీ, ఫొటోలో సెబోరిక్ కెరటోసిస్‌లాగే కనిపించవచ్చనీ ఆవిడ చెప్పారు. అలాంటిదాని మీద ఈ మందు వేస్తే పైభాగం మానిపోయినా, అడుగున క్యాన్సర్ పెరుగుతూనే ఉండవచ్చు.

అందుకే ఫొటోతో పోల్చుకుని నిర్ణయించుకోకండి. బుడిపె మెత్తగా ఉందో గట్టిగా ఉందో, ఎంత లోతుందో ఫొటో చెప్పదు. కొద్ది నెలల్లో పెరిగినా, రంగు మారినా, ఊరికే రక్తం కారినా, మానని పుండుపడినా, అంచు ముత్యంలా మెరుస్తున్నా డాక్టరుకు చూపించండి. బుడిపెలు ఒక్కసారిగా ఒళ్లంతా దురదతో పుట్టుకొచ్చినా అంతే. అందంకోసం తీయించుకోవాలంటే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, విద్యుత్ సూదితో కాల్చడం వంటివి డాక్టర్లే చేస్తారు. వాటివల్ల కూడా మన చర్మం మీద మచ్చ పడవచ్చు, ముందే అడగండి.

డబ్బు వెనక్కివ్వమంటే, మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. ఇప్పటికే ఎవరైనా వేసుకుని మంటపుడుతుంటే వెంటనే కుళాయి ధార కింద చాలాసేపు కడగండి. సున్నం, సోడా, నిమ్మరసం ఏదీ పూయకండి. పెచ్చును గిల్లకుండా, సీసాను కూడా వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.