గిటారు తీగలు: ఒక్కొక్కటిగా మార్చాలా, ఆరూ ఒకేసారి విప్పాలా?

గిటారు కొన్న ఏడాదికి గానీ నేను తీగల జోలికి వెళ్లలేదు. వెళ్లిన రోజు ఆరూ విప్పి పక్కన పెట్టాను. తీరా కొత్తవి ఎక్కించబోతే, ఏ తీగ పెగ్‌కు ఏ వైపు నుంచి చుట్టుకుని ఉండేదో గుర్తు లేదు. రెండింటిని తిరగేసి చుట్టాను. ఎప్పటిలా బిగించబోతే అవి వదులయ్యాయి. అందుకే ఉక్కు తీగల అకౌస్టిక్ గిటారుకు మొదటిసారి ఒక్కొక్కటిగా మార్చడమే మేలంటాను. పక్కనున్న పాత తీగే నమూనా.

ఆరూ తీస్తే మెడ పాడవుతుందని భయపెట్టేవారున్నారు. తీగలన్నీ కలిసి మెడను సుమారు 70 కిలోల బలంతో లాగుతాయన్నది నిజమే. అయినా ఒక గంట ఆ లాగుడు లేకపోతే మెడకేమీ కాదు. ఫ్రెట్ల మధ్య పేరుకున్న మురికిని బాగా తుడవాలంటే అన్నీ విప్పడమే సులువు కూడా. రెండోసారికి ఆ పద్ధతి పెట్టుకోవచ్చు.

ఎలా మార్చినా తడబడేది రెండు చోట్ల. తీగ చివరి గుండు బ్రిడ్జి లోపలి చెక్కకు ఆనాలి, పిన్ను కింద చిక్కుకోకూడదు. పిన్ను నొక్కి పట్టి తీగను పైకి లాగితే గుండు దాని చోటుకు చేరుతుంది. లేకపోతే బిగించేటప్పుడు పిన్ను ఎగిరిపోతుంది. రెండోది, పెగ్ దగ్గర వదిలే తీగ. బిగుతుగా లాగాక, సుమారు ఐదు సెంటీమీటర్లు వదులు ఇచ్చి చుట్టండి. మరీ తక్కువైతే జారుతుంది. ఎక్కువైతే చుట్ల మీద చుట్లు పడి శ్రుతి నిలవదు.

ఇక ఎంత కాలానికి? మూడు నెలలకో, 100 గంటల వాయిద్యానికో అంటారు. రోజుకు అరగంట వాయిస్తే మూడు నెలల్లో అయ్యేవి 45 గంటలే, అంటే ఆ రెండు లెక్కలకే పొత్తు కుదరదు. చేతి చెమట, ఊరి గాలి అసలు లెక్క. విశాఖ లాంటి తీరప్రాంతంలో వాయించకపోయినా తుప్పు పడుతుంది. తీగ అడుగున వేలితో తడిమి చూడండి. ఫ్రెట్ తగిలే చోట గంట్లు, గరుకు తెలిస్తే మార్చాలి. వట్టి తీగ శ్రుతిలో ఉండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే ట్యూనర్ ముల్లు తప్పుతోందా? గిటారును అనుమానించే ముందు తీగ మార్చి చూడండి.

పూత వేసిన తీగలు చెమటకు చాలా ఎక్కువ కాలం ఆగుతాయి, ధర మాత్రం గట్టిదే. మొదటిసారికి మామూలువే కొనండి. సన్నని మొదటి తీగను ఎక్కువ బిగించి తెంపుకోవడం అందరికీ జరిగేదే. చెమట చేతులున్నవారు తర్వాత పూత తీగలకు మారితే ఖర్చు కలిసొస్తుంది. కొత్త తీగ రెండు మూడు రోజులు సాగుతుంది, అంతవరకు శ్రుతి దిగుతూనే ఉంటుంది. తప్పుగా చుట్టానేమోనని మళ్లీ విప్పకండి.