సమ్ ఇసుకదిబ్బల్లో పనికొచ్చింది మల్లు పంచె, 7,200 రూపాయల కిట్ కాదు

ఏప్రిల్ మొదటి వారంలో పిల్లాడి సెలవులు చూసుకుని బెంగళూరు నుంచి జైసల్మేర్ వెళ్లొచ్చాం. మా ఆయన, తొమ్మిదో తరగతి పూర్తయిన మా అబ్బాయి, మా ఆడపడుచు, నేను. జోధ్‌పూర్ దాకా విమానం, అక్కడి నుంచి కారు. కోట, హవేలీలు, గడీసర్ చెరువు అన్నీ బాగున్నాయి, వాటి గురించి చెప్పాల్సిందేమీ లేదు. ఇది రాస్తున్నది మేం మోసపోయిన ఆ ‘డెజర్ట్ కిట్’ గురించి.

టూర్ మాట్లాడిన బెంగళూరు ఏజెంటు, మనిషికి 1,800 చొప్పున అదనంగా కడితే ఇసుక నుంచి కాపాడే సామానంతా క్యాంపులోనే ఇస్తారన్నాడు. నలుగురికీ 7,200. మళ్లీ చిక్‌పేట బజారు తిరిగే ఓపిక లేక సరేనన్నాను. జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుకదిబ్బల క్యాంపు చేరాక, వాళ్లిచ్చిన సంచీ విప్పి చూస్తే జారిపోయే పాలిస్టర్ స్కార్ఫు, పక్కలు తెరిచి ఉన్న నల్ల కళ్లద్దాలు, బైకు మీద ఎండకి మోచేతి పైదాకా వేసుకునే బిగుతైన తొడుగులు, బూట్ల మీదకి లాగే పల్చటి నైలాన్ కవర్లు ఉన్నాయి. ఇవేంటని అడిగితే క్యాంపు మేనేజరు మా వైపు చూడకుండానే, ‘అందరికీ ఇవే ఇస్తాం మేడమ్’ అని ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఇద్దరికి ఒక టెంటు, రాత్రికి 4,500 కట్టినవాళ్లకు దక్కిన మర్యాద అది.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి ఒంటెల మీద దిబ్బల్లోకి వెళ్లాం. అరగంట గడిచేసరికి పడమటి దిక్కున నేల నుంచి మట్టిరంగు గోడ లేచినట్టు కనిపించింది. ఇసుక తుఫానుకి వాళ్ల మాట ‘ఆంధీ’. ఒంటెలు తోలే పెద్దాయన ఆ ఒక్క మాట అని, మమ్మల్ని దిబ్బ కొన మీది నుంచి గాలి తగలని వాలులోకి దించేశాడు. ఒంటెలను కూర్చోబెట్టి, వాటి వెనక గాలికి వీపు పెట్టి కూర్చోమన్నాడు.

కిట్‌లోని స్కార్ఫు నా తలమీద రెండు నిమిషాలు కూడా నిలవలేదు. పాలిస్టర్ ముడి పట్టదు, చెమట పీల్చదు. అప్పుడు పెద్దాయన కన్ను నా సంచీలోని మల్లు పంచె మీద పడింది. టెంటులో పక్కమీద పరుచుకుందామని మా నాన్నగారి పాత పంచె తెచ్చుకున్నాను, ఎనిమిది మూరలది. ఇది కట్టుకోమని హిందీలో చెప్పి తనే కట్టి చూపించాడు. మా అనంతపురంలో వేరుశనగ తూర్పారబట్టేటప్పుడు నాన్న తలకీ ముక్కుకీ తువ్వాలు చుట్టుకునేవారు. ఆ పద్ధతే ఇది, కాకపోతే గుడ్డ పొడుగు ఎక్కువ.

పంచెను నిలువుగా మడిచి మూరెడు వెడల్పుకి తెచ్చాడు. ఒక కొసను ఎడమ భుజం ముందుకి మూరన్నర వేలాడేలా వదిలేసి, మిగతాది నుదుటి మీద కనుబొమల దాకా దించి, చెవులు మూసుకునేలా మూడు చుట్లు బిగించి వెనక దోపాడు. వదిలేసిన కొసను ముక్కు మీదుగా కుడివైపుకి లాగి, కుడిచెవి వెనక చుట్టులో దూర్చాడు. గాలి తగ్గగానే ఆ కొసను ఒక్క వేలితో కిందకి లాగేస్తే చాలు, తలకట్టు అలాగే ఉంటుంది. మల్లు నేత సన్నం కాబట్టి ఇసుక ఆగుతుంది, నూలు కాబట్టి ఊపిరి ఆడుతుంది. మెత్తటి ధూళి మాత్రం గుడ్డలోంచి కొంత వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ కొస కింద ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

మా ఆయనకి వైట్‌ఫీల్డులో కట్టడాల సైటు పని. అలవాటుగా సైటు గాగుల్స్ సంచీలో వేసుకొచ్చారు. మామూలు కళ్లజోడు మీద పట్టేంత పెద్దవి, అంచు చుట్టూ మెత్తటి రబ్బరు ఉంటుంది. ఆ రకంలో గాలిరంధ్రాల్ని చూసి కొనాలి. రంధ్రాలు నేరుగా కనిపిస్తే ధూళి సూటిగా లోపలికి వస్తుంది. పైన మూతలుండి గాలి పక్కకి తిరిగి వచ్చేవే కావాలి. ముక్కు మీది గుడ్డను గాగుల్స్ కింది అంచు లోపలికి దోపితే ఊపిరి పైకి తన్ని అద్దం మసకబారడం కూడా తగ్గుతుంది. ఆంధీ వీచిన ఆ పాతిక నిమిషాలూ కళ్లు తెరిచి కూర్చున్నది మా ఆయన ఒక్కరే.

మా ఆడపడుచు కాంటాక్ట్ లెన్సులతో వచ్చింది. కిట్ కళ్లద్దాల పక్కనుంచి గాలి దూరి లోపలే సుడి తిరిగింది. ‘వదినా, కంట్లో ఏదో పడింది’ అంటూనే నలిపేసింది. లెన్సు తీసి, సీసా నీళ్లతో కడిగినా రెప్ప వేసినప్పుడల్లా గీరుకుంటోందని ఏడుపు. రాత్రి ఎనిమిదిన్నరకి నలభై కిలోమీటర్లు వెనక్కి, జైసల్మేర్‌కి వెళ్లాం. టాక్సీ 1,600. కంటి డాక్టరు పసుప్పచ్చ రంగుమందు వేసి నీలం లైటు పెట్టి చూశారు. నల్లగుడ్డు మీద నిలువుగా సన్నటి గీతలు పచ్చగా మెరిశాయి. గీతలు నిలువుగా ఉన్నాయంటే పైరెప్ప లోపల ఏదో ఉన్నట్టేనని చెప్పి, రెప్ప తిరగేసి, తడి దూదిపుల్లతో తీశారు. ఒక్కటంటే ఒక్క ఇసుక రేణువు. ఫీజు 300, చుక్కలమందు 140. అయిదు రోజులు చుక్కలు వేసుకోవాలి, కన్ను పూర్తిగా మానేదాకా లెన్సు పెట్టకూడదు. కడిగాక కూడా రెప్ప వేసినప్పుడల్లా గీరుకుంటుంటే తెల్లారేదాకా ఆగకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ నలపకండి.

దారంతా ఆ అమ్మాయి మాట్లాడలేదు. మా ఆయన టెన్షన్ అంతా నామీద చూపించారు, కిట్‌కి డబ్బు కట్టింది నేను కదా.

కాళ్ల సంగతి కూడా చెప్పాలి. గాలిలో ఇసుక రేణువులు నేలమీద గెంతుతూ పోతాయి, ఎక్కువభాగం మోకాలి లోపే. అందుకే పిక్కలు సూదులు గుచ్చినట్టు మండుతాయి. మావాడి రన్నింగ్ షూస్ పైభాగమంతా జాలీ, ఇసుక అందులోంచే దిగిపోయింది. మడమకి రూపాయి బిళ్లంత బొబ్బ. నైలాన్ కవర్లు మొదటి దిబ్బ మీదే చిరిగాయి. నా కాన్వాస్ బూట్లలోకి మాత్రం చిటికెడు కూడా రాలేదు. చిక్కటి నేత, పైగా సాక్సు పైకి లాగి ప్యాంటు అంచు అందులో దోపాను. చొక్కా వదులుగా ఉండాలి కానీ మణికట్టు దగ్గర గుండీ పెట్టాలి, లేకపోతే గాలి చేతిలోంచి దూరి చంకదాకా ఇసుక నింపుతుంది. ఆ బిగుతు తొడుగుల్లోకి ఇసుక దిగి, చెమటతో కలిసి మా ఆయన మోచేతుల దగ్గర ఎర్రగా ఒరిసిపోయింది.

బెంగళూరు తిరిగొచ్చాక డబ్బు వెనక్కి అడిగాను. ఏజెంటు వచ్చే టూర్‌లో వెయ్యి తగ్గిస్తానన్నాడు. నాకు అక్కర్లేదన్నాను. చిక్‌పేటలో కొత్త మల్లు పంచె 350, ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపులో గాగుల్స్ 160, కాన్వాస్ బూట్లు 450, మొత్తం మనిషికి 960. చొక్కా ఎలాగూ ఇంట్లో ఉంటుంది. గాగుల్స్ మీద ఇసుక ఉన్నప్పుడు పొడిగుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. నీళ్లతో కడిగాకే తుడవాలి.

డిసెంబరులో ఖుడీ దిబ్బలకి వెళ్దామని మా ఆడపడుచే అంది. ఆ అమ్మాయికి పవర్ కళ్లజోడు జయనగర్‌లో అప్పుడే చేయించేశాను, 1,450. గాగుల్స్ లోపల ఇముడుతుందో లేదో షాపులోనే పెట్టించి చూశాను.