షియాంగ్‌చీ: నాలుగేళ్లు ఆడాక నా సమీక్ష

సింగపూర్ చైనాటౌన్‌లో ఆలయం పక్క కూడలిలో సాయంత్రాలు పెద్దవాళ్లు చుట్టూ మూగి షియాంగ్‌చీ, అంటే చైనా చదరంగం, ఆడుతుంటే చూసి, నేనూ ఒక చెక్క సెట్ కొనుక్కున్నాను. 32 బిళ్లలు, మడత పెట్టే బోర్డు. నాలుగేళ్లుగా వారానికి రెండు మూడు ఆటలైనా ఆడుతున్నాను. బోర్డు మడత దగ్గర చిరిగింది, ఎర్ర గుర్రాల మీద రంగు సగం పోయింది. సెట్ గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. చెప్పాల్సిందల్లా ఆట గురించే.

చదరంగం తెలిసినవాళ్లకి మొదటి దెబ్బ గుర్రం దగ్గరే తగులుతుంది. ఇక్కడ గుర్రం ఎగరదు, నడుస్తుంది. ముందు నిలువుగానో అడ్డంగానో ఒక అడుగు, తర్వాత బయటివైపు ఏటవాలుగా ఇంకో అడుగు. ఆ మొదటి అడుగు చోట ఏ బిళ్ల ఉన్నా, మనదైనా సరే, అటువైపు దారి మూసుకుపోయినట్టే. దీన్ని గుర్రం కాలు కట్టేయడం అంటారు. ఆట మొదట్లో గుర్రం పక్కనే మన ఏనుగు ఉంటుంది కాబట్టి అటు కదలలేదు. సరే, ముందుకు తెచ్చి మూడో వరసలో పెడితే ఎదురుగా మన బంటే అడ్డు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఆ బంటును మొదట్లోనే ఒక అడుగు ముందుకు జరుపుతారు. నాకు ఈ సంగతి అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇంకో వింత ఉంది. నా గుర్రం అవతలి గుర్రాన్ని కొట్టగలిగినా, అది నన్ను కొట్టలేకపోవచ్చు. అడ్డుబిళ్ల ఎవరి గుర్రానికి ఆనుకుని ఉంటే వాళ్ల గుర్రమే ఆగుతుంది కదా.

ఫిరంగి దీనికి సరిగ్గా తిరగేసిన లెక్క. ఖాళీ దారిలో రథంలా ఎంత దూరమైనా పోతుంది, కానీ కొట్టాలంటే మధ్యలో కచ్చితంగా ఒక బిళ్ల ఉండాలి. అది ఎవరిదైనా ఫర్వాలేదు. ఒకటీ లేకపోయినా, రెండు ఉన్నా కొట్టలేదు. ఆ మధ్య బిళ్లను నేను 'పీట' అంటాను. గుర్రానికి అడ్డంకి అయ్యేదే ఫిరంగికి మెట్టు అవుతుంది.

మా పై అంతస్తు అంకుల్‌తో ఆడిన ఒక ఆట చెప్తాను. ఆయన ఫిరంగిని మధ్య నిలువు గీత మీదికి తెచ్చి, తన బంటునే పీటగా చేసుకుని నా మధ్య బంటును తినేశారు. నేను అప్పటికి గుర్రాలను బయటికి తీయలేదు, ఫిరంగులు రెండూ పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఆయన ఫిరంగికీ, ఈ ఆటలో రాజులాంటి నా సేనానికీ మధ్య ఏమీ లేదు. హమ్మయ్య, షా లేదులే అనుకుని, కాపలాగా ఏనుగును మధ్యలోకి తేబోయాను. "అది కుదరదు" అన్నారు. నిజమే, ఏనుగు అక్కడికొస్తే అదే పీట. నా సేనానిని నేనే షాలో పెట్టుకున్నట్టు. సేనాని పక్కనుండే సలహాదారుదీ అదే పరిస్థితి.

మరుసటి ఎత్తుకి ఆయన రెండో ఫిరంగిని బోర్డు మధ్యలో రెండు పక్షాలనూ విడదీసే నది ఒడ్డుకి తెచ్చారు. ప్రమాదం కనపడలేదు, నేను రథం జరిపాను. ఆయన ఆ ఫిరంగిని పక్కకు జరిపి మధ్య గీత మీద, మొదటి ఫిరంగి వెనక పెట్టారు. ముందు ఫిరంగే పీట. షా! సేనాని పక్కకు తప్పుకుందామంటే కదలని సలహాదారులు రెండువైపులా ఉన్నారు. ఒకడుగు ముందుకేస్తే అదే గీత. ముందు ఫిరంగికీ నా సేనానికీ మధ్య ఏదైనా అడ్డు పెడితే ఆ ముందు ఫిరంగికే పీట దొరుకుతుంది. రెండు ఫిరంగుల మధ్య ఖాళీకి చేరే బిళ్ల నా దగ్గర లేదు. అక్కడికి ఆట అయిపోయింది. ఒక్క గుర్రాన్ని ముందే బయటికి తీసి ఉంటే ఆ మొదటి ఫిరంగిని తినేసేది.

ఏనుగులూ సలహాదారులూ ఇల్లు వదిలి అవతలికి వెళ్లవు, నియమమే అలా ఉంది. సలహాదారు సేనాని ఉండే చిన్న కోటలోనే ఏటవాలుగా ఒక్కో అడుగే వేస్తాడు, అతనికున్నవి ఐదు చోట్లు. ఏనుగు ఏటవాలుగా రెండడుగులు వేస్తుంది, నది దాటదు, దానికి ఏడు చోట్లు. మధ్య అడుగు చోట బిళ్ల ఉంటే దాన్నీ ఆపేస్తారు, దాన్ని ఏనుగు కన్ను మూయడం అంటారు. మన చదరంగంలో ఏనుగంటే నేరుగా దూసుకెళ్లేది కాబట్టి మొదటి నెలంతా చెయ్యి అటే పోయేది. ఆ పని ఇక్కడ రథానిది.

అలాగని ఇంట్లో కూర్చున్నవాటిని తీసిపారేయకండి. ఆట చివర్లో బోర్డు ఖాళీ అవుతుంది, ఫిరంగికి పీటలు దొరకవు, గుర్రం కాళ్లు విప్పుకుంటాయి. అప్పుడు తెలిసినవాళ్లు ఫిరంగిని వెనక్కి ఇంటికి పిలుస్తారు, సొంత సలహాదారు భుజం మీద నుంచి కొట్టడానికి. నేను చాలా ఆటల్లో తొందరపడి సలహాదారులను మారకానికి ఇచ్చేసి, చివరికి పీట లేని ఫిరంగితో మిగిలాను. అంకుల్ మాత్రం తన ఇద్దరినీ చివరిదాకా దాచుకుంటారు.