టాలీలో బిల్లు కొట్టడం నేర్పాలంటే: స్క్రీన్‌షాట్ల పుస్తకమా, ఒక్క పేజీ పట్టికా?

చేత్తో బిల్లు బుక్కు రాసే దుకాణంలోకి లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్ వచ్చిందనుకుందాం. కౌంటరులో ఉన్న ఇద్దరు ముగ్గురికీ బిల్లు కొట్టడం నేర్పాలి. వాళ్లకు సరుకు తెలుసు, ధర తెలుసు, కంప్యూటరు మాత్రం కొత్త. వాళ్ల చేతికిచ్చే కాగితం సాధారణంగా రెండు రకాలుగా తయారవుతుంది. ఒకటి, తెర తెరకూ ఫొటో తీసి, ఎర్ర బాణాలు గీసి, పది పన్నెండు పేజీలు కుట్టిన పుస్తకం. రెండోది, ఎడమ గడిలో ఏం నొక్కాలో, కుడి గడిలో నొక్కాక తెర మీద ఏం కనపడాలో రాసిన ఒక్క ఏ4 కాగితం. మొదటిది చూడ్డానికి బాగుంటుంది, యజమానికీ నచ్చుతుంది. కౌంటరు మీద పనికొచ్చేది మాత్రం చాలావరకు రెండోదే. ఎందుకో ఒక బిల్లు తీసుకుని చూద్దాం.

వరంగల్‌లో ఒక పైపుల దుకాణం. 12 పీవీసీ పైపులు, ఒక్కోటి 250 రూపాయలు, నగదు అమ్మకం, రాష్ట్రంలోపలే. సరుకు విలువ 3,000. జీఎస్టీ 18 శాతం కాబట్టి సీజీఎస్టీ 270, ఎస్‌జీఎస్టీ 270, మొత్తం 3,540. కాగితంలో ఉదాహరణగా ఇలాంటి గుండ్రటి అంకెలే ఉండాలి. ఎందుకన్నది కాసేపట్లో తెలుస్తుంది.

ఫొటో చూపించలేనిది

ఫొటోలో ఒక క్షణం మాత్రమే ఉంటుంది. కీ నొక్కకముందు తెర ఎలా ఉందో చూపిస్తుంది కానీ నొక్కాక ఏం జరుగుతుందో చూపించదు. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా అక్కడే.

టాలీలో దీనికి మంచి ఉదాహరణ బిల్లు సేవ్ చేసే ఘట్టం. అన్నీ నింపి `Ctrl+A` నొక్కగానే బిల్లు సేవ్ అయి, వెంటనే మరో ఖాళీ బిల్లు తెరుచుకుంటుంది. అలవాటున్నవాడికి అది తర్వాతి ఖాతాదారు కోసం సిద్ధంగా ఉన్న తెర. కొత్తవాడికి మాత్రం తాను కష్టపడి కొట్టిందంతా మాయమైపోయినట్టు కనిపిస్తుంది. మళ్లీ మొదటినుంచీ కొడతాడు. సాయంత్రం, ఆ రోజు ఎంట్రీలన్నీ కనిపించే డే బుక్ తెరిస్తే ఒకే మొత్తానికి వరసగా రెండు బిల్లులుంటాయి, గల్లాలో డబ్బు మాత్రం ఒక్కదానిదే. స్క్రీన్‌షాట్ల పుస్తకంలో చివరి ఫొటో నిండుగా ఉన్న బిల్లుది, దాని కింద "Ctrl+A నొక్కండి" అని ఉంటుంది, పుస్తకం అక్కడితో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఖాళీ తెరను ఎవరూ ఫొటో తీయరు, అందులో చూపించడానికేముంది అనుకుంటారు.

అదే పని పట్టికలో ఇలా ఉంటుంది:

| ఇది చేయండి | ఇది కనపడాలి |
|---|---|
| `Vouchers` తెరిచి `F8` నొక్కండి | పైన ఎడమ మూల `Sales` అని ఉంటుంది |
| `F2` నొక్కి తేదీ కొట్టి `Enter` | కుడివైపు పైన మీరు కొట్టిన తేదీ |
| `Party A/c name` దగ్గర `Cash` | `Dispatch Details` లాంటి చిన్న తెర వస్తే `Ctrl+A` నొక్కండి, పోతుంది |
| `Sales ledger` దగ్గర `Sales` ఎంచుకోండి | గుర్తు `Name of Item` కిందికి వెళ్తుంది |
| పైపు పేరు, 12, 250 | వరస చివర 3,000 |
| తర్వాతి వరసలో `End of List` మీద `Enter` | గుర్తు కింద ఖాళీ వరసకు వెళ్తుంది |
| `CGST` ఎంచుకోండి, తర్వాత `SGST` | 270, దాని కింద 270, అడుగున 3,540 |
| `Ctrl+A` | తెర ఖాళీ అవుతుంది, బిల్లు నంబరు ఒకటి పెరుగుతుంది. మీ బిల్లు సేవ్ అయింది. మళ్లీ కొట్టకండి. |

చివరి గడి ఒక్కటి చాలు, జంట బిల్లులు చాలావరకు ఆగిపోతాయి. గుండ్రటి అంకెల లాభం కూడా కుడి గడిలోనే ఉంది. అడుగున 3,000 కనిపిస్తే పన్ను వరసలు రెండూ వేయలేదన్నమాట. 3,270 కనిపిస్తే ఒకటే వేశారు. ఈ రెండు మాటలూ పట్టిక కింద చిన్నగా రాస్తే, ఎవర్నీ పిలవకుండా తన తప్పు తానే పట్టుకోగలడు. నిజం బిల్లులోని 2,847 రూపాయల 60 పైసల్లాంటి అంకెతో ఉదాహరణ ఇస్తే ఈ వెసులుబాటు పోతుంది. తేడా వచ్చినా ఎక్కడొచ్చిందో తెలియదు.

`Ctrl+A` గురించి ఇంకో మాట. వర్డ్‌లో కాస్త పని చేసినవాళ్లకు అదంటే అంతా సెలెక్ట్ చేయడం. టాలీలో ఆ తెరను ఒప్పుకుని సేవ్ చేయడం. సరుకు వేశాక, పన్ను వేయకముందు పొరపాటున నొక్కితే 3,000 కే బిల్లు సేవ్ అయిపోవచ్చు. కాబట్టి ఆ కీ పక్కన "ఇది వర్డ్‌లో Ctrl+A లాంటిది కాదు" అని ఒక వాక్యం అవసరం. ఫొటోలో ఈ హెచ్చరికకు చోటే ఉండదు.

అచ్చులో ఏమవుతుంది

1366 పిక్సెళ్ల వెడల్పున్న తెరను మొత్తంగా ఏ4 కాగితం మీద 17 సెంటీమీటర్ల వెడల్పులో అచ్చేస్తే ఒక్కో పిక్సెల్ 0.12 మిల్లీమీటర్లవుతుంది. తెర మీద పది పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం కాగితం మీద 1.2 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. మామూలు 12 పాయింట్ల అచ్చులో పెద్ద ఇంగ్లిషు అక్షరం 3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే చదివేవాడు మందుల చీటీ మీది సన్నక్షరాలు చదివినట్టు చదవాలి. దాన్ని జిరాక్స్ తీస్తే ఎర్ర బాణం బూడిదరంగవుతుంది, తెర రంగులూ బూడిదవుతాయి, బాణం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఫొటో తప్పదనుకున్న చోట తెర మొత్తం కాకుండా ఆ ముక్క మాత్రమే కత్తిరించాలి. 500 పిక్సెళ్ల ముక్కను 12 సెంటీమీటర్ల వెడల్పులో పెడితే అదే అక్షరం 2.4 మిల్లీమీటర్లొస్తుంది, చదవొచ్చు. బాణానికి బదులు మందమైన నల్ల గీతతో ఒక పెట్టె గీస్తే జిరాక్సులో కూడా నిలుస్తుంది. ఈ బిల్లు కాగితానికి అలాంటి ముక్కలు రెండు చాలు: `Dispatch Details` తెర ఒకటి, `End of List` జాబితా ఒకటి. రెండూ పిలవకుండా మధ్యలో వచ్చి కొత్తవాళ్లను కంగారు పెట్టేవే.

ఫొటోలకు ఇంకో చిక్కుంది. చాలామంది వాటిని లైసెన్సు లేని ఎడ్యుకేషనల్ మోడ్‌లో తీస్తారు. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ పడుతుంది. సిబ్బంది సాధన కూడా అందులోనే చేస్తుంటే, కాగితంలో "15వ తేదీ కొట్టండి" అని ఉంటే రెండో అడుగులోనే ఆగిపోతారు, తప్పు తమదే అనుకుంటారు. సాధన కోసం ఇచ్చే ఉదాహరణ తేదీ 1 గానీ 2 గానీ ఉండాలి.

ఏ భాషలో రాయాలి

రెండు రకాల కాగితాల్లోనూ జరిగే పొరపాటు ఇది. వివరణ తెలుగులో ఉండాలి, సరే. కానీ తెర మీది పేర్లను కూడా తెలుగు చేసి "పార్టీ ఖాతా పేరు దగ్గర నగదు ఎంచుకోండి" అని రాస్తే, ఆ మాటలు తెర మీద ఎక్కడా ఉండవు. `Party A/c name` ను తెర మీద ఉన్నది ఉన్నట్టు, అదే స్పెల్లింగుతో రాయాలి. ఇంగ్లిషు రానివాడు కూడా అక్షరాల ఆకారం పోల్చుకుని పట్టుకుంటాడు. కానీ ఆకారం మారితే పట్టుకోలేడు. అలాగే పుస్తకంలో ఒకచోట "వోచర్", ఇంకోచోట "బిల్లు", మరోచోట "ఇన్వాయిస్" అని రాస్తే మూడూ వేర్వేరనుకుంటారు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడాలి. కౌంటరులో అందరూ అనేది బిల్లే కాబట్టి బిల్లనే రాయండి.

కాగితాన్ని అను ఫాంట్లలో కొట్టి ఫైలుగా పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో రాసి పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

ఫొటోలు గెలిచే చోటు

పట్టిక ఇంత బాగా పని చేయడానికి కారణం టాలీ కీబోర్డు మీద నడవడం. ప్రతి పనికీ ఒక కీ ఉంది, దాన్ని మాటల్లో రాయొచ్చు. అదే బ్రౌజరులో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే, పేరు లేని మూడు చుక్కలు, చక్రం గుర్తు, పెన్సిల్ బొమ్మ నొక్కమనాలి. "కుడివైపు పై మూల మూడు చుక్కలు" అని రాసినా ఒకే తెర మీద మూడు చుక్కలు నాలుగుచోట్ల ఉండొచ్చు. అక్కడ కత్తిరించిన ఫొటో తప్పనిసరి. కుడి గడి మాత్రం అప్పుడు కూడా ఉండాలి.

ఫొటోల పుస్తకం పాతబడటం కూడా వేగంగానే ఉంటుంది. టాలీ.ఈఆర్‌పీ 9 నుంచి ప్రైమ్‌కు మారినప్పుడు మెనూ రూపం మారి పాత ఫొటోలన్నీ పనికిరాకుండా పోయాయి. కానీ అమ్మకానికి `F8`, తేదీకి `F2` అలాగే ఉన్నాయి. మాటల్లో రాసిన కాగితానికి కొన్ని వరసలు దిద్దితే సరిపోయింది.

వీడియో సంగతి: మొదటి రోజు ఒకసారి చూపించడానికి బాగుంటుంది, కీలు ఎంత వేగంగా నొక్కాలో కళ్లకు కడుతుంది. ఎదురుగా ఖాతాదారు నిలబడి ఉండగా ఫోను తీసి నాలుగో నిమిషం దాకా జరుపుకునే ఓపిక ఎవరికుంటుంది.

ఏది పనిచేస్తుందో తేల్చుకోవడం

కాగితం రాసినవాడికి అది ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. టాలీ ముట్టని ఒకరిని కూర్చోబెట్టి, కాగితం ఇచ్చి, పక్కన నోరు మెదపకుండా ఉండాలి. అతను తెర వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూస్తూ ఆగిన ప్రతి చోటా కాగితం మీద ఒక గీత పెట్టుకోవాలి. "అక్కడ కాదు, ఇక్కడ" అని ఒక్కసారి అన్నారంటే ఆ మాట కాగితంలో ఉండాల్సింది. ఇద్దరు ముగ్గురితో ఇలా చేస్తే గీతలు దాదాపు ఒకేచోట పడతాయి. ఈ బిల్లులో అవి సాధారణంగా పడేది `End of List` దగ్గర, చివరి ఖాళీ తెర దగ్గర. ఆ రెండు వరసలనే మళ్లీ రాయండి, మిగతావి కదపకండి.

తప్పు బిల్లు దిద్దడం వేరే కాగితం మీద ఉండాలి, దీని వెనక కాదు. అందులో డే బుక్ తెరిచి, బిల్లు మీద `Enter` కొట్టి, మార్చి, `Ctrl+A` నొక్కడం వరకే చాలు. `Alt+D` తో తీసేయడం, `Alt+X` తో రద్దు చేయడం కౌంటరు సిబ్బందికిచ్చే కాగితంలోకి రానివ్వకండి. తీసేస్తే ఆ బిల్లు పుస్తకాల్లోంచే పోతుంది, రద్దు చేస్తే నంబరు మిగిలి సొమ్ము పోతుంది. రెంటిలో ఏది ఎప్పుడన్నది లెక్కలు చూసే గుమాస్తా తేల్చాల్సిన విషయం.