రిబేట్ వచ్చాక కూడా సెస్ కట్టమంటే ఆగండి: డబ్బు పెట్టి కొన్న ట్యాక్స్ షీట్‌తో మాకు జరిగింది

ఆదాయపు పన్ను లెక్క కోసం ఆన్‌లైన్‌లో ఎక్సెల్ షీట్లు, రిటర్న్ ప్యాకేజీలు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. 799 రూపాయలు పెట్టి కొన్న ఒక షీట్‌ను నమ్మి నేను కట్టక్కర్లేని డబ్బు కట్టాను. నాది చిన్న మొత్తమే. కానీ బాగుందని నేను చెబితే మా ఆఫీసులో ఒకావిడ కూడా అదే కొన్నారు. ఆ షీట్ చూసి ఆవిడ ఇంకో 44,720 రూపాయలు కట్టడానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయబోయారు. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు నా లెక్క చెబుతాను. 2025-26 ఆర్థిక సంవత్సరంలో నా జీతం 12,70,000. కొత్త పన్ను విధానంలోనే ఉన్నాను. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 11,95,000. స్లాబుల వరకు షీట్ సరిగ్గానే వేసింది. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, అంటే 20,000. ఆ పైన మిగిలిన 3,95,000కు 10 శాతం, అంటే 39,500. మొత్తం 59,500. దాని కింద వరుసలో, 12 లక్షల వరకు ఆదాయానికి ఆ పన్నును మాఫీ చేసే 87ఏ రిబేట్ 59,500 అని ఉంది. అదీ సరే. ఆ కింద ఆరోగ్య, విద్యా సెస్ 2,380 అని, చివర్లో ఎర్ర రంగులో "కట్టవలసినది 2,380" అని ఉంది.

పన్నే సున్నా అయినప్పుడు సెస్ ఎక్కడి నుంచి వచ్చిందని అనుమానం వచ్చి, ప్యాకేజీతో ఇచ్చిన వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెట్టాను. "రిబేట్ పన్నుకే సార్, సెస్‌కు వర్తించదు. అది వేరే పద్దు, అందరూ కట్టాల్సిందే" అని జవాబు వచ్చింది. కావాలంటే ఆ డబ్బు ఫోన్‌పేలో తనకు పంపితే తానే కట్టేస్తానని కూడా రాశాడు. వినడానికి మాట సబబుగానే అనిపించింది. సెస్ ఆరోగ్యానికి, చదువులకు వెళ్లేది కాబట్టి వేరేగా కట్టాలేమో అనుకున్నాను. నా అదృష్టం కొద్దీ డబ్బు అతనికి పంపలేదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్‌లోకి వెళ్లి, సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ కింద నేనే కట్టి చలాన్ దాచుకున్నాను.

తర్వాత రిటర్న్ వేయడానికి పోర్టల్‌లో కూర్చుంటే అసలు విషయం బయటపడింది. రిటర్న్ ఫారంలో వరుసలు ఒకదాని కింద ఒకటి ఇలా ఉంటాయి: ఆదాయం మీద పన్ను, 87ఏ రిబేట్, రిబేట్ పోగా మిగిలిన పన్ను, ఆ మిగిలినదాని మీద 4 శాతం సెస్. నా విషయంలో మిగిలినది సున్నా, దాని మీద 4 శాతం కూడా సున్నానే. నేను కట్టిన 2,380 మొత్తం రీఫండ్ గడిలో కనిపించింది. సెస్ అనేది ఆదాయం మీద వేసేది కాదు, స్లాబుల లెక్క మీద వేసేదీ కాదు. రిబేట్ తీసేశాక చేతిలో మిగిలిన పన్ను మీద వేసేది. నిజానికి ఆఫీసు ఇచ్చిన ఫారం 16లో కూడా సెస్ సున్నా అనే ఉంది. దాన్ని ఆ రోజే తీసి చూడాల్సింది.

షీట్‌లో తప్పు ఎక్కడుందో ఆ తర్వాత వెతికాను. లాక్ చేసి అమ్మారు గానీ గడి మీద క్లిక్ చేస్తే ఫార్ములా మాత్రం పైన కనిపిస్తోంది. B9లో ఆదాయం, B10లో స్లాబుల పన్ను, B11లో రిబేట్, B12లో రిబేట్ పోగా మిగిలిన పన్ను ఉన్నాయి. సెస్ గడి B12ను చూడాల్సింది పోయి B10ను చూస్తోంది.

```
తప్పు:  =B10*4%
సరైనది: =B12*4%
```

తేడా ఒక్క అంకెలోనే. రిబేట్ అసలు వర్తించని పెద్ద ఆదాయాల వాళ్లకు B10, B12 రెండూ ఒకటే కాబట్టి వాళ్ల లెక్క సరిగ్గానే వస్తుంది, షీట్ బాగుందని రివ్యూలు కూడా రాస్తారు. తప్పంతా రిబేట్ వల్ల పన్ను తగ్గేవాళ్ల మీదే పడుతుంది. ఆదాయం సరిగ్గా 12 లక్షలుంటే ఆ షీట్ 2,400 సెస్ చూపిస్తుంది.

ఇక మా ఆఫీసు ఆవిడ సంగతి. ఆవిడ జీతం 12,95,000. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,20,000. 12 లక్షలు దాటింది కాబట్టి షీట్ రిబేట్ సున్నా అని వేసేసింది. స్లాబుల పన్ను 63,000, సెస్ 2,520, మొత్తం 65,520 అని చూపింది. ఆఫీసులో టీడీఎస్ కింద కోసింది మాత్రం 20,800. "ఆఫీసువాళ్లు తక్కువ కోశారట, ఇప్పుడు 44,720 ఎక్కడి నుంచి తేవాలి?" అని ఆవిడ టెన్షన్ పడుతూ నా సీటు దగ్గరికి వచ్చారు. ఆఫీసు కోసింది తక్కువ కాదు. ఆ 20,800 అణాపైసలతో సహా సరైన లెక్క.

ఇక్కడ మార్జినల్ రిలీఫ్ అనేది ఒకటుంది, షీట్‌లో దాని ఊసే లేదు. 12 లక్షల దగ్గర పన్ను సున్నా అయి, 20,000 ఎక్కువ సంపాదించినందుకు ఒక్కసారిగా 63,000 పడితే అన్యాయం కదా. అందుకే చట్టంలోనే ఒక ఏర్పాటు ఉంది. 12 లక్షలు దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువైతే, ఆ ఎక్కువైన భాగాన్ని రిబేట్‌గా తీసేస్తారు. ఆవిడ ఆదాయం 12 లక్షలు దాటింది 20,000. స్లాబుల పన్ను 63,000. కాబట్టి తేడా 43,000 రిబేట్. మిగిలిన పన్ను 20,000. ఇప్పుడు దాని మీద 4 శాతం సెస్ 800. మొత్తం 20,800.

ఆ చివరి 800 ఎందుకని ఆవిడ అడిగారు. మంచి ప్రశ్నే అది. రిలీఫ్ పన్నును 20,000 దగ్గర ఆపుతుంది, సెస్ దాని తర్వాత వస్తుంది కాబట్టి ఆ 800 తప్పదు. అంటే 12 లక్షల పైన సంపాదించిన 20,000కు ఆవిడ 20,800 కట్టారు. బాధగానే ఉంటుంది, కానీ లెక్క అంతే. ఈ రిలీఫ్ డిడక్షన్ పోగా ఆదాయం సుమారు 12,70,588 వరకు పనిచేస్తుంది. ఆ పైన స్లాబుల పన్ను పూర్తిగా పడుతుంది, దాని మీద సెస్ కూడా. మీ షీట్‌లో రిబేట్ గడి ఎలా ఉండాలో చూడాలనుకుంటే ఇదిగో:

```
=IF(B9<=1200000, MIN(B10,60000), MAX(0, B10-(B9-1200000)))
```

ఈ ఫార్ములా జీతం, వడ్డీ లాంటి మామూలు ఆదాయానికి, కొత్త విధానానికి, 2025-26 సంవత్సరానికి మాత్రమే. అంతకు ముందు సంవత్సరం, అంటే 2024-25లో, కొత్త విధానం రిబేట్ హద్దు 7 లక్షలు, గరిష్ఠంగా 25,000. పాత విధానంలో హద్దు 5 లక్షలు, గరిష్ఠంగా 12,500, దానికి మార్జినల్ రిలీఫ్ లేదు. పాత షీట్‌కు కొత్త పేరు తగిలించి అమ్మేవాళ్లు ఈ హద్దులు మార్చడం మరిచిపోతారు, అది కూడా చూసుకోండి. ఇంకొకటి, ఈ రిబేట్ ఇక్కడ రెసిడెంట్‌గా ఉన్న వ్యక్తులకే. విదేశాల్లో ఉంటూ ఎన్ఆర్ఐ హోదాలో రిటర్న్ వేసే మీ అబ్బాయికో అమ్మాయికో ఇదే షీట్ వాడకండి.

సెస్ గడిలో అంకె కనిపించిన ప్రతిసారీ మోసమే అనుకోకూడదు, ఆ మాట కూడా చెప్పాలి. లిస్టెడ్ షేర్లు ఏడాది లోపు అమ్మి లాభం తీసినవాళ్లకు ఆ లాభం మీద 20 శాతం ప్రత్యేక రేటు. కొత్త విధానంలో రిబేట్ దాన్ని తాకదు. ఉదాహరణకు డిడక్షన్ పోగా జీతం నుంచి 11,00,000, షేర్ల లాభం 30,000 ఉంటే జీతం మీది 50,000 పన్ను రిబేట్‌లో పోతుంది. లాభం మీది 6,000 మాత్రం నిలబడుతుంది. దానికి సెస్ 240 కలిపి 6,240 కట్టాలి. అలాంటి చోట సెస్ సరైనదే, ఎందుకంటే రిబేట్ తర్వాత నిజంగానే పన్ను మిగిలింది.

అమ్మినవాణ్ణి డబ్బు వెనక్కి అడిగాను. "డిజిటల్ వస్తువులకు రిటర్న్ లేదు" అని రాసి నన్ను బ్లాక్ చేశాడు. 799 పోతే పోనీ. నా అసలు భయం, "సెస్ నాకు పంపండి, నేను కడతాను" అన్న మాటకు ఎంతమంది ఒప్పుకున్నారో అని. మీరు అలా ఎవరికైనా పంపి ఉంటే ఈ రోజే చలాన్ అడగండి. నిజంగా కట్టిన చలాన్ మీద మీ పాన్, బ్యాంకు బీఎస్ఆర్ కోడ్, కట్టిన తేదీ, చలాన్ నంబరు ఉంటాయి. కట్టింది నిజమైతే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌లో కూడా కనిపిస్తుంది. అక్కడ ఉంటే రిటర్న్‌లో రీఫండ్‌గా అడగవచ్చు. లేకపోతే ఆ డబ్బు ప్రభుత్వానికి చేరనే లేదు, ఏ రిటర్న్‌లోనూ వెనక్కి రాదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు చెరపకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు పెట్టండి.

కొత్తగా ఏ షీట్ కొనాలన్నా డబ్బు పంపక ముందే అమ్మేవాళ్లను రెండు స్క్రీన్‌షాట్లు అడగండి. 2025-26కు, కొత్త విధానంలో, డిడక్షన్ పోగా ఆదాయం 12,00,000 అని వేస్తే చివరి వరుసలో సున్నా రావాలి. 12,10,000 అని వేస్తే 10,400 రావాలి: పన్ను 10,000, సెస్ 400. మొదటిదానికి 2,400 అనో, రెండోదానికి 63,960 అనో వస్తే అది మేం కొన్న షీటే, లేదా దాని తమ్ముడు.