చీటీ ఫొటోతో సరుకులు తెప్పించే యాప్‌లు: ఆర్డర్ నొక్కే ముందు ఇది చదవండి

చేత్తో రాసిన సరుకుల చీటీని ఫొటో తీసి పెడితే పప్పులు, మసాలా దినుసులు, పూజా సామాగ్రి అంటూ విభాగాలుగా సర్ది, అర్థం కానివి విడిగా చూపిస్తామనే యాప్ ఒకటి వాడాం. పేరు రాయను. ఇలాంటివి వాడేవాళ్లు మాత్రం జాగ్రత్త.

ఇంట్లో వ్రతానికి మా అత్తయ్య రాసిన చీటీ అది. పెద్దవాళ్ల చీటీలు తెలుసుగా, సగం పొట్టి రాతలే. అందులో కొన్ని వరుసలు ఇవి:

మి.పప్పు ½ కి
పె.పప్పు ,,
జీ. పావు
ప.కర్పూరం చిన్నది

యాప్ ఇచ్చిన లిస్టులో ‘అస్పష్టమైనవి’ అన్న చోట ఒక్కటీ లేదు. పైవరుసలో ఉన్నంతే అని చెప్పే ఆ రెండు గీతల్ని వదిలేసి, పెసరపప్పు కేజీ వేసింది. ‘జీ.’ అంటే జీలకర్ర, వచ్చిందేమో జీడిపప్పు. అక్కడిదాకా డబ్బుతో పోయేదే.

కర్పూరం అలా కాదు. అడిగింది ప్రసాదంలో చిటికెడు వేసే పచ్చ కర్పూరం, వచ్చింది హారతి బిళ్లలు. అవి తినేవి కావు. కడుపులోకి వెళ్తే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఫిట్స్ రావచ్చు. అత్తయ్య ప్యాకెట్ చూసి "హారతిది తెప్పించావేంటమ్మా?" అని అడగబట్టి సరిపోయింది.

చీటీలో ఆ వరుస యాలకులు, కుంకుమపువ్వు పక్కనే ఉంది. కిరాణా కొట్టు కుర్రాడైతే ఆ పక్కవాటిని చూసే పోల్చుకునేవాడు, లేదంటే ఫోన్ చేసి అడిగేవాడు. యాప్ తోచిన పేరు పెట్టేసి, ఆ తర్వాత విభాగాల్లోకి సర్దింది. అగరబత్తీల పక్కన చేరాక కర్పూరం మన కంటికీ సరిగ్గానే కనిపిస్తుంది. అందుకే సర్దిన లిస్టును మాత్రమే చూసి ఓకే అనకండి. చీటీ చేతిలో పట్టుకుని పైనుంచి కిందకి ఒక్కో వరుసా సరిచూడండి. వరుసల లెక్క కూడా చూసుకోండి, ఎందుకంటే కాగితం మడత మీద పడిన వరుస ఏ గుర్తూ లేకుండా మాయమైపోవచ్చు.

కొత్త యాప్‌ని నమ్మొచ్చో లేదో తెలియాలంటే, చీటీలో కావాలనే ఒక వరుస పిచ్చిగీతలా రాసి పెట్టండి. ‘ఇది అర్థం కాలేదు’ అంటే పర్లేదు. దానికీ ఒక సరుకు పేరు పెట్టిందంటే మిగతా వరుసల్లోనూ ఊహించే ఉంటుంది. ప్రతి సరుకు పక్కన మన చీటీలోని ఆ ముక్క ఫొటో చూపించే యాప్ అయితే సరిచూడటం తేలిక. మేం వాడినదాంట్లో అది లేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే విప్పిన ప్యాకెట్లు వెనక్కి తీసుకోబోమన్నారు, చీటీ స్పష్టంగా రాయాల్సిందన్నారు. స్పష్టంగా లేదని వాళ్లకే తెలిసినప్పుడు ‘అస్పష్టమైనవి’ విభాగం ఖాళీగా ఎందుకుందని అడిగితే మాత్రం జవాబు లేదు.