ఒక్కరోజు ట్రిప్ షార్ట్‌లో ఖర్చు ఎలా చూపించాలి: విడివిడి ధరలా, పెరిగే మొత్తమా, చివర్లో లెక్కా? ఏది మేలు?

పొద్దున్నే చిన్న ఊరికి వెళ్లి రాత్రికి ఇంటికి వచ్చేసే ప్లాన్‌ని నిమిషం లోపు షార్ట్‌లో చెప్పాలంటే, నన్ను షూటింగ్ కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఖర్చు అంకెలే. తెర మీద వాటిని ఎప్పుడు వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది. తక్కువ ఖర్చు ట్రిప్ వీడియో చూసేవాళ్లకి గుడి గోపురమో చెరువు గట్టో ఎంత బాగా తీశామన్నది రెండో విషయం, ముందు కావాల్సింది ‘నేను వెళ్తే నాకెంత అవుతుంది’ అన్నదానికి జవాబు. ఆ జవాబు తప్పుగా చేరితే మిగతా వీడియో ఎంత బాగున్నా వృథా.

మామూలుగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, ఏ క్లిప్‌లో ఏ ఖర్చు జరిగితే ఆ ధర అక్కడే వేసి తీసేయడం. రెండోది, ఒక మూల మొత్తం కనిపిస్తూ ఉండి, ఖర్చు జరిగిన ప్రతిసారీ పెరగడం. మూడోది, దారి పొడవునా ఏమీ వేయకుండా చివర్లో లెక్కంతా ఒకేసారి చూపించడం. నేను ఒకే ఫుటేజ్‌ని మూడు రకాలుగా ఎడిట్ చేసి, ఇంట్లో వాళ్లకీ ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్‌కీ సౌండ్ ఆపేసి ఒక్కసారే చూపించి, ‘మొత్తం ఎంతైంది?’ అని అడిగాను. సౌండ్ ఎందుకు ఆపానంటే, బస్సులోనో ఆఫీసులోనో చూసేవాళ్లు చాలామంది అలాగే చూస్తారు, అప్పుడు వాళ్లకి మిగిలేది తెర మీద అక్షరాలే.

లెక్క సులువుగా ఉండటానికి, ఒక మనిషికి రోజంతా అయ్యే ఖర్చుని 100 భాగాలు అనుకుందాం. వెళ్లే బస్సుకి 18, దిగాక బ్యాగు దాచుకోవడానికీ నీళ్లకీ కలిపి 10, పొద్దున తిండికి 8, ఊరి నుంచి చూడాల్సిన చోటికి షేర్ బండిలో 7, లోపలికి టికెట్ 10, మధ్యాహ్నం భోజనం 16, తిరిగి ఊళ్లోకి షేర్ బండి 7, సాయంత్రం చిరుతిండికి 6, ఇంటికి బస్సుకి మళ్లీ 18. సరిగ్గా 100.

విడివిడి ధరల పద్ధతిలో ఒక్కో అంకె చాలా స్పష్టంగా అర్థమవుతుంది, అది ఒప్పుకోవాలి. టికెట్ కౌంటర్ కనబడగానే పక్కన 10 అని పడితే ఎవరికీ అనుమానం రాదు. కానీ వీడియో అయిపోయాక మొత్తం ఎంతని అడిగితే నా దగ్గర చూసినవాళ్లెవరూ చెప్పలేకపోయారు, భోజనం ధర మాత్రం గుర్తుంది, ఎందుకంటే దాని క్లిప్ పొడుగ్గా ఉంది. తొమ్మిది అంకెల్ని కదిలే బొమ్మల మీద చూస్తూ మనసులో కూడుకోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఊళ్లో ఏ చోట ఎంత టికెట్టో చెప్పే వీడియోకి ఇది సరిపోతుంది, ఒక రోజు ప్లాన్‌కి సరిపోదు.

చివర్లో లెక్క వేసే పద్ధతి నిజాయితీగా కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోవడానికీ వీలు. దాని ఇబ్బంది వేరే చోట ఉంది. తొమ్మిది లైన్లు నిలువు తెరలో పట్టాలంటే అక్షరం చిన్నదవుతుంది, తెలుగులో అది ఇంకా కష్టం, ఎందుకంటే కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ వదలాలి, లేకపోతే ఒక లైన్ వత్తు కింది లైన్ తలకట్టుకి తగిలి రెండూ చదవడానికి రావు. పైగా షార్ట్ చివరికి రాగానే మళ్లీ మొదటికి తిరుగుతుంది. రెండు మూడు సెకన్లలో తొమ్మిది లైన్లు చదివేలోపు బస్ స్టాండ్ క్లిప్ మళ్లీ మొదలైపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో వెళ్లిపోయినవాళ్లకి ఖర్చు గురించి ఒక్క ముక్క కూడా చేరదు.

నా ఓటు పెరిగే మొత్తానికి. మధ్యలో ఎక్కడ ఆపినా ‘ఇప్పటిదాకా ఇంత’ అని తెలుస్తుంది, చివరిదాకా చూస్తే చివరి అంకే జవాబు, ఎవరూ ఏమీ కూడుకోనక్కర్లేదు. కానీ దీన్ని ఊరికే వేస్తే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది, నేను చేశాను కూడా. జరిగిన వరసలోనే ఖర్చులు కలుపుకుంటూ పోతే మొత్తం 18, 28, 36, 43, 53, 69, 76, 82 అని పెరిగి, చివరి బస్సుతో ఒక్కసారిగా 100కి దూకుతుంది. తిరుగు బస్సు క్లిప్ వీడియోలో అన్నిటికంటే చిన్నది, రెండు సెకన్లు, చీకట్లో కిటికీ, అంతే. సాయంత్రం చిరుతిండి దగ్గరే వీడియో అయిపోయిందనుకున్నవాళ్లు 82తో వెళ్లిపోయారు. అంటే దాదాపు ఐదో వంతు ఖర్చు వాళ్ల లెక్కలోకి రాలేదు.

దీనికి మందు, వెళ్లే బస్సు క్లిప్‌లోనే ‘రానూపోనూ 36’ అని వేసేయడం. అప్పుడు మొత్తం 36, 46, 54, 61, 71, 87, 94, 100గా నడుస్తుంది. మొదట్లోనే పెద్ద అంకె కనబడితే జనం పోతారేమో అని నాకు టెన్షన్ ఉండేది, కానీ ఆలోచిస్తే తిరిగి రాకుండా ఎవరూ ఉండరు కదా, ఆ డబ్బు ఎలాగూ పెట్టాల్సిందే. అదీగాక తొమ్మిది మెట్లు ఎనిమిదికి తగ్గాయి. 45 సెకన్ల షార్ట్‌లో ఒక్కో మెట్టుకి 5 సెకన్లు ఇచ్చినా 40 సెకన్లు, చివరి అంకె కదలకుండా నిలబడటానికి ఇంకో 5 మిగులుతాయి.

ఇంకో పొరపాటు దీనికంటే లోతైనది, మూడు పద్ధతుల్లోనూ వస్తుంది. షేర్ బండికి 7 అని వేశాం. అది సీటు ధర, బండిలో నలుగురు ఎక్కితేనే. చిన్న ఊళ్లో పొద్దున పూట బండి త్వరగా నిండుతుంది, మధ్యాహ్నం రెండు గంటలకి నిండదు, అరగంట ఎదురుచూసి చివరికి ‘బండి మొత్తానికి ఇచ్చేయండి, పోదాం’ అనే మాట వస్తుంది. అప్పుడు ఒంటరిగా వెళ్లినవాళ్లకి అదే దారి 28. రెండుసార్లూ అలాగే జరిగితే 14 కాస్తా 56 అవుతుంది, రోజు ఖర్చు 100 నుంచి 142కి పోతుంది. నా వీడియోలో తప్పు ఇంకోలా జరిగింది. మేం ఇద్దరం బండి మొత్తం మాట్లాడుకుని సగం సగం పెట్టుకున్నాం, తెర మీద మాత్రం బండి ధర ఇద్దరిదీ, భోజనం ధర ఒక్కరిదీ పడింది. మొత్తం ఎవరి లెక్కకీ సరిపోలేదు. కింద కామెంట్లలో ఒకావిడ ఓపిగ్గా కూడి చూసి అడిగేదాకా నేను గమనించలేదు.

అందుకే ఇప్పుడు మొత్తం పక్కనే ‘ఒక్కరికి’ అనే మాట మొదటి సెకను నుంచి చివరిదాకా ఉంచుతాను, ఎక్కడా తియ్యను. బండి క్లిప్‌లో ‘సీటుకి 7, బండి మొత్తానికి 28’ అని రెండూ వేస్తాను, మొత్తంలో మాత్రం సీటు ధరే కలుపుతాను. రెండు మొత్తాలు పక్కపక్కన నడిపించి కూడా చూశాను, చూసేవాళ్లు ఏది తమదో తేల్చుకోలేకపోయారు, వదిలేశాను.

తెర మీద చోటు గురించి. షార్ట్స్‌లోనూ రీల్స్‌లోనూ కుడి వైపు కింద లైక్, షేర్ బటన్లు, అడుగున పేరూ టైటిలూ కూర్చుంటాయి, అక్కడ వేసిన అంకె వాటి కిందకి పోతుంది. పై అంచుకి ఆనించినా అక్కడ యాప్ గుర్తులు అడ్డొస్తాయి. కాబట్టి మొత్తాన్ని ఎడమ వైపు, పై అంచు నుంచి కాస్త కిందకి దించి పెట్టి, వీడియో అంతా అక్కడే ఉంచాలి, కన్ను దాన్ని వెతుక్కోకూడదు. అప్పటి ఖర్చు, అంటే ‘భోజనం 16’ లాంటిది, తెర మధ్యలో రెండు సెకన్లు పెద్దగా వచ్చి పోవాలి, అది పోగానే మొత్తం మారాలి. రెండూ ఒకేసారి మారితే కన్ను ఒకదాన్నే పట్టుకుంటుంది. ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే ఆ మాటని పైకి నిదానంగా రెండుసార్లు చదవండి, అంతసేపు ఉంటే చాలు. అక్షరం లావుగా ఉండాలి, వెనక ముదురు రంగు పట్టీ ఉండాలి, ఎందుకంటే సన్నటి అక్షరాలు అప్‌లోడ్‌లో వీడియో కుదించుకుపోయాక ఎండ పడిన గోడ మీద కలిసిపోతాయి. ఎడిట్ చేసే యాప్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ముందు ఫాంట్ మార్చి చూడండి, నాకు నోటో సాన్స్ తెలుగుతో ఆ బాధ రాలేదు.

టైం కూడా వెయ్యాలా అంటే, వెయ్యాలి, కానీ రెండు మూడు చోట్ల మాత్రమే. ఒక రోజు ప్లాన్‌ని కట్టేసేది ఆఖరి తిరుగు బస్సు, మధ్యాహ్నం మూసి ఉండే వేళలు, వారంలో సెలవు రోజు. ఆ మూడూ తెలిస్తే మిగతా వరస చూసేవాళ్లే సర్దుకుంటారు. టైంని ‘సాయంత్రం 6:40’ అని మాటతో, ఖర్చుని డబ్బు గుర్తుతో వేస్తే రెండు అంకెలూ కలగలవవు.

పెరిగే మొత్తానికి ఒక లోటు ఉంది, దాన్ని దాచను. టికెట్ ధర మారిందంటే ఆ ఒక్క అంకే కాదు, దాని తర్వాత వచ్చే ప్రతి మొత్తమూ తప్పవుతుంది, యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియోని అదే లింక్ మీద కొత్తదానితో మార్చలేం. విడివిడి ధరల్లో అయితే ఒక్క చోటే తప్పు. అందుకని మొదటి క్లిప్‌లోనే నెలా సంవత్సరమూ చిన్నగా వేస్తాను, పూర్తి లెక్క తొమ్మిది లైన్లలో కామెంట్‌గా పెట్టి పిన్ చేస్తాను, ధర మారిందని ఎవరైనా చెబితే అక్కడ దిద్దుతాను. చివరి లెక్క చేయాల్సిన పని ఆ కామెంట్ చేస్తుంది, చదివేవాళ్లకి కావలసినంత టైమూ ఉంటుంది.

రెండు మూడు రోజుల ట్రిప్ అయితే నేను పెరిగే మొత్తం వాడను. గది అద్దె రాగానే అంకె ఒక్కసారి పైకి లేచి, తర్వాతి చిన్న ఖర్చులన్నీ కదలనట్టే కనిపిస్తాయి. అక్కడ రోజుకొక మొత్తం చొప్పున చివర్లో మూడు లైన్ల లెక్క నయం, మూడు లైన్లైతే అక్షరం కూడా పెద్దగా పడుతుంది.